ఎడమ వైపు చుక్క, కుడి వైపు జిడ్డు: ఇంజన్ ఆయిల్ ఎక్కడి నుంచి కారుతోంది, ఏ లీకుకు తొందర లేదు?

వరంగల్150

అందరికీ నమస్కారం. బండి 150 సీసీ, ఎయిర్ కూల్డ్, కార్బురేటర్ మోడల్, 2015ది. 46 వేల కిలోమీటర్లు తిరిగింది. ఈమధ్య పొద్దున్నే చూస్తే సైడ్ స్టాండ్ దగ్గర, ఎడమ వైపు నేల మీద రూపాయి బిళ్లంత ఆయిల్ మరక కనిపిస్తోంది. కుడి వైపు క్లచ్ కవర్ అడుగు అంచంతా జిడ్డు, దాని మీద దుమ్ము. అక్కడి నుంచి మాత్రం చుక్క పడడం చూడలేదు. షెడ్డులో చూపిస్తే ఇంజన్ దించాలి, మొత్తం ప్యాకింగ్ కిట్టు వేయాలి, సీళ్లన్నీ మార్చాలి అన్నారు. నిజంగా అంత పనేనా? ప్యాకింగ్ లీకు ఏదో, సీల్ లీకు ఏదో విప్పకుండా తెలుసుకోవచ్చా? వచ్చే నెల దాకా ఇలాగే నడపొచ్చా?

పల్సు_పానా

ఇప్పుడే ఏదీ విప్పించకండి. ముందు మూడు సంగతులు చెప్పండి. మరక మొదలైంది ఆయిల్ మార్చిన తర్వాతా, ముందా? మార్చినప్పుడు ఎంత పోశారు? బండి సెంటర్ స్టాండ్ మీద పెట్టిన రాత్రి కూడా మరక పడుతోందా?

మూడో ప్రశ్న ఎందుకంటే, ఆగి ఉన్న ఇంజన్లో ఆయిల్ అంతా కిందికి దిగి అడుగున నిలుస్తుంది. ఆ మట్టానికి పైన ఉన్న జాయింటు ఏదైనా బండి ఆగాక కొత్తగా కారదు. ట్యాపెట్ కవర్ ప్యాకింగ్, హెడ్ ప్యాకింగ్, టెన్షనర్ ప్యాకింగ్ ఇలాంటివి. అవి బండి నడిచేటప్పుడు తడుస్తాయి, ఆపాక కాసేపు జారి ఆగిపోతాయి. మట్టానికి కింద ఉన్నవి రాత్రంతా కారగలవు: డ్రెయిన్ బోల్టు వాషర్, క్లచ్ కవర్ కింది అంచు, గేర్ షాఫ్ట్ సీల్. సైడ్ స్టాండ్ వేస్తే బండి ఎడమకు ఒరుగుతుంది కదా, అప్పుడు కుడి వైపు కవర్ దగ్గర ఆయిల్ తగ్గి ఎడమ వైపు సీళ్లు మునుగుతాయి. అందుకని ఒక రాత్రి సైడ్ స్టాండ్, ఒక రాత్రి సెంటర్ స్టాండ్, కింద తెల్ల అట్ట ముక్క. అట్ట మీద ఇంజన్ ముందు ఎటు, వెనక ఎటు అని గుర్తు పెట్టుకోండి. సగం సమాధానం అక్కడే దొరుకుతుంది.

నల్గొండ_నవీన్

నాది గూడ ఆయిల్ సీల్ లీకే అన్నా. ముందు ఫోర్కు రాడ్డు మీద రింగు లెక్క ఆయిల్ ఉంటది, బ్రేకు కొట్టినప్పుడల్లా మళ్ల వస్తది. గిట్లనే నడపొచ్చా, మార్చాల్నా?

పల్సు_పానా

నవీన్ తమ్ముడూ, నీది ఫోర్కు సీల్. ఇక్కడ నడిచేది ఇంజన్ సీళ్ల మాట, వేరే పోస్టు పెట్టు. కానీ ఒక్క మాట: ఆ ఆయిల్ జారి ముందు బ్రేకు మీదికి చేరితే వాయిదా వేయొద్దు. డిస్కు ఉన్న వైపు ఫోర్కు కాలు తడిగా ఉంటే ముందు అది చేయించు.

బోరింగ్_బాబాయ్

ఆయిల్ కారుతోందంటే లోపల ప్రెషర్ ఎక్కువైనట్టు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పి చూడండి, అందులో ఆయిల్ ఉంటే రింగులు అయిపోయాయి. 46 వేలంటే బోరు టైమే. సీళ్లు మార్చినా మళ్లీ తన్నేస్తాయి, డబ్బు వృథా. నేరుగా బోరు చేయించుకోవడమే మంచిది.

పల్సు_పానా

బాబాయ్ గారూ, డబ్బా చూడమన్నది మంచి సలహా. ప్రెషర్ ఎక్కువైతే సీళ్లు కారతాయన్నదీ నిజమే. అక్కడి నుంచి నేరుగా రింగుల మీదికి వెళ్లడమే తొందర. డబ్బాలోకి ఆయిల్ రావడానికి రింగులు ఒక కారణం. ఆయిల్ ఎక్కువ పోయడం ఇంకొకటి, బ్రీదర్ పైపు మడత పడడం వేరొకటి. చివరి రెండూ రూపాయి ఖర్చు లేకుండా తేలిపోతాయి.

వరంగల్150

జవాబులు. మరక మొదలైంది ఆయిల్ మార్చిన తర్వాతే. అదే రోజు ఎయిర్ ఫిల్టర్ కూడా తీసి దులిపారు. పోసింది 1.2 లీటర్లు, ఇంజన్ మీద 1.2 అనే ఉంది. సైడ్ స్టాండ్ వేసిన రాత్రి మరక పడింది, సెంటర్ స్టాండ్ వేసిన రాత్రి అట్ట పొడిగా ఉంది. ఇంకోటి, సైడ్ స్టాండ్ రోజు అట్ట మీద రెండు మరకలు వచ్చాయి. ఒకటి గేర్ రాడ్ కింద. రెండోది చిన్నది, ఇంకా వెనక, స్వింగ్ ఆర్మ్ మొదట్లో.

పల్సు_పానా

ఇంజన్ మీదో మాన్యువల్లోనో మళ్లీ చూడండి. చాలా 150ల్లో రెండు అంకెలు ఉంటాయి: మొత్తం విప్పి బిగించినప్పుడు 1.2, మామూలుగా వంచి మార్చినప్పుడు 1 లీటర్. ఎంత వంచినా కొంత ఆయిల్ లోపలే మిగులుతుంది, ఆ తేడా అందుకే. విప్పినప్పటి లెక్క ఆయిల్ మార్చినప్పుడు పోస్తే దాదాపు 200 మి.లీ. ఎక్కువ పోసినట్టే.

గేజ్ చూసే పద్ధతి కూడా చెబుతాను, ఇందులోనే చాలామంది తప్పుతారు. సమతలంగా ఉన్న చోట సెంటర్ స్టాండ్ వేయండి. మూడు నిమిషాలు ఐడ్లింగ్‌లో ఉంచి ఆపండి, మరో రెండు మూడు నిమిషాలు ఆగండి. గేజ్ తీసి తుడిచి మళ్లీ పెట్టండి. మరలో తిప్పి బిగించాలా, ఊరికే ఆనించాలా అన్నది బండిని బట్టి ఉంటుంది, మాన్యువల్ చెప్పినట్టే చేయండి. ఊరికే ఆనించాల్సినదాన్ని బిగిస్తే మట్టం ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. సైడ్ స్టాండ్ మీద చూసిన గేజ్‌ను అసలు లెక్కలోకి తీసుకోకండి.

గేజ్ చూసేటప్పుడే ఆయిల్‌ను వేలికి రాసి వాసన చూడండి. పెట్రోల్ వాసన కొడుతూ నీళ్లలా పలచగా ఉంటే ఈ చర్చంతా పక్కన పెట్టి బండి నడపడం ఆపండి. కార్బురేటర్ ఫ్లోట్ నీడిల్ పట్టక, కాక్ ఆన్‌లో ఉన్నప్పుడు పెట్రోల్ ఇంజన్లోకి దిగుతుంది. అప్పుడు మట్టం దానంతటదే పెరుగుతుంది, పలచబడ్డ ఆయిల్ ప్రతి జాయింటు నుంచీ కారుతుంది, బేరింగులకు పట్టు ఉండదు. నిప్పు భయం కూడా.

వెనక పడ్డ చిన్న మరక దగ్గర పైకి చూడండి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా అడుగు నుంచి వేలాడే చిన్న రబ్బరు గొట్టం, దాని చివర బిరడా ఉంటుంది. అది నిండి కారుతోందేమో.

వరంగల్150

మీరన్నట్టే ఉంది. మార్చినప్పుడు 1 లీటర్ అని పక్కన చిన్నగా రాసి ఉంది. గేజ్ మీద పై గీతకు ఇంకా పైన, చిటికెన వేలి మందం తడి ఉంది. పెట్రోల్ వాసన లేదు. డబ్బా కింది గొట్టం నిండా నల్లటి ఆయిల్, బిరడా తీస్తే టీ గ్లాసులో సగం దాకా వచ్చింది. ఫిల్టర్ అడుగు కూడా తడిసిపోయింది. అంటే బాబాయ్ గారన్నట్టు రింగులేనా?

పల్సు_పానా

ఇంకా చెప్పలేం. మట్టం సరిచేయకుండా బ్రీదర్ పరీక్ష చేస్తే ఏదీ నిజం చెప్పదు. ముందు అదనపు ఆయిల్ తీయండి. 50 మి.లీ. సిరంజీకి సన్న గొట్టం తగిలించి ఆయిల్ పోసే రంధ్రం లోంచి లాగొచ్చు. గొట్టం అందకపోతే డ్రెయిన్ బోల్టు వదులు చేసి కొలత జాడీలో పట్టండి, అప్పుడు వాషర్ కొత్తది వేయండి. ఆ బోల్టును ఎగిరి బిగించకండి. కేసు అల్యూమినియం, త్రెడ్ ఊడితే ఇప్పుడున్న లీకులన్నీ కలిపినా అంత తలనొప్పి కావు.

తర్వాత క్రాంక్ కేసు నుంచి డబ్బాకు వెళ్లే బ్రీదర్ పైపును మొదటి నుంచి చివరి దాకా చేత్తో తడుముతూ వెళ్లండి. ఫిల్టర్ డబ్బా విప్పి పెట్టిన రోజే మొదలైందన్నారు, అక్కడే నాకు అనుమానం. డబ్బా తిరిగి కూర్చోబెట్టేటప్పుడు ఈ పైపు వెనకాల నొక్కుకుపోవడం మామూలే. పై నుంచి చూస్తే కనపడదు.

కాగితం ఫిల్టర్ ఆయిల్‌తో తడిస్తే కడగడానికి ఉండదు, మార్చాల్సిందే.

సీలు_స్పేరు

స్పేర్ పార్ట్స్ కొట్టు నుంచి ఒక మాట. గేర్ రాడ్ కింద మరక అన్నారు కదా, అక్కడికి నాలుగైదు దారుల్లో ఆయిల్ వచ్చి ఒకే చోట చుక్క కడుతుంది. గేర్ షాఫ్ట్ సీల్, ముందు స్ప్రాకెట్ వెనక ఉండే సీల్, న్యూట్రల్ స్విచ్ ఓ-రింగు, మాగ్నెట్ కవర్ ప్యాకింగ్, ఆ కవర్ లోంచి వైర్లు బయటికొచ్చే రబ్బరు. చుక్క చూసి పార్టు కొనేవాళ్లు సగం మంది రెండోసారి వస్తారు.

స్ప్రాకెట్ కవర్ తీసి చూడండి. అక్కడున్న నల్లటి మడ్డిలో చాలా వరకు చైన్ ఆయిలే. చైన్‌కు పాత ఇంజన్ ఆయిల్ రాసే అలవాటుంటే రెండూ ఒకేలా ఉంటాయి, తేడా పట్టలేం. కడిగి, చైన్‌కు రెండు రోజులు ఏమీ రాయకుండా నడిపితేనే తెలుస్తుంది. స్ప్రాకెట్ సీల్ లీకైతే తడి షాఫ్ట్ చుట్టూ మొదలై, స్ప్రాకెట్ తిప్పిన చోటల్లా కవర్ లోపలి గోడ మీద చిమ్మినట్టు ఉంటుంది. గేర్ షాఫ్ట్ సీల్ లీకైతే చిమ్మదు. షాఫ్ట్ కింది నుంచి సన్నని దారంలా కిందికి జారుతుంది.

బోరింగ్_బాబాయ్

సీళ్లు సరే, క్లచ్ కవర్ జిడ్డు సంగతేంటి? ప్యాకింగ్ పోయిందని కళ్లకు కనపడుతోంది కదా. కొత్త ప్యాకింగ్ వేసి రెండు వైపులా అనాబాండ్ దట్టంగా పట్టిస్తే జన్మలో కారదు.

పల్సు_పానా

ప్యాకింగ్ మీద దట్టంగా పేస్టు పట్టించే అలవాటు మాత్రం వద్దు బాబాయ్ గారూ. కవర్ బిగించినప్పుడు ఎక్కువైనది బయటికి ఎంత వస్తుందో లోపలికీ అంతే వెళ్తుంది. అది పొరలు పొరలుగా ఊడి ఆయిల్ జాలీ దగ్గర చేరుతుంది. కొన్ని ఇంజన్లలో ఆయిల్ దారి ఈ ప్యాకింగ్‌లో ఉన్న రంధ్రం లోంచే వెళ్తుంది. దాన్ని పేస్టు మూసిందంటే పైన హెడ్‌కు ఆయిల్ అందదు.

ఇక ఆ జిడ్డు. ప్యాకింగ్ లీకుకు ఒక లక్షణం ఉంటుంది: అంచు వెంబడి గీతలా తడి, దాని మీద దుమ్ము అతుక్కుని ముద్దగా ఉంటుంది. మొదట్లో చుక్క కట్టదు. చెమ్మ దశలో ఉన్న ప్యాకింగ్ నెలల తరబడి అలాగే ఉండగలదు. కానీ ముందు అది ఆ అంచుదేనా, పైనుంచి జారినదా తేల్చాలి. అందుకు కడిగి పౌడర్ వేయడమే మార్గం.

ఇంజన్ చల్లబడ్డాక చేయండి. కిరోసిన్‌లో ముంచిన బ్రష్షుతో పై నుంచి కిందికి రుద్దండి, ఫిన్‌ల మధ్య కూడా. గుడ్డతో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. వాటర్ సర్వీసింగ్ గన్ను సీళ్ల మీద, బ్రీదర్ మీద కొట్టకండి. నీళ్లు లోపలికి వెళ్తాయి. ఆరాక ముఖానికి వేసుకునే పౌడర్ పలచగా చల్లండి. మొదటి పరీక్ష కదలకుండా: సెంటర్ స్టాండ్ మీద ఐదు నిమిషాలు ఐడ్లింగ్. గాలి ఉండదు కాబట్టి ఆయిల్ నేరుగా కిందికే జారుతుంది, మొదలు స్పష్టంగా తెలుస్తుంది. దాన్ని ఫోటో తీయండి. ఆ తర్వాత పది నిమిషాలు నడిపి మళ్లీ ఫోటో. నడిచేటప్పుడు గాలి ఆయిల్‌ను వెనక్కి, పైకి కూడా తోస్తుంది. ముందు ట్యాపెట్ కవర్ దగ్గర కారినది వెనక సిలిండర్ అడుగున తేలుతుంది. అలా తడిసిన చోట్లలో అన్నిటికంటే పైన, అన్నిటికంటే ముందు ఉన్నదే లీకు మొదలు. మిగతావన్నీ దాని జాడలు.

వరంగల్150

చేశాను. ఆయిల్ తీస్తే 190 మి.లీ. దాకా వచ్చింది, ఇప్పుడు మట్టం పై గీతకు కొంచెం కింద ఉంది. బ్రీదర్ పైపు మీరు చెప్పిన చోటే, కార్బురేటర్ వెనక, డబ్బాకూ ఫ్రేముకూ మధ్య నొక్కుకుని చదునుగా అయిపోయి ఉంది. సరిగా వేశాను, రబ్బరు పగల్లేదు. పౌడర్ పరీక్షలో ట్యాపెట్ కవర్, హెడ్ జాయింటు, సిలిండర్ అడుగు అన్నీ పొడి. కుడి వైపు క్లచ్ కవర్ వెనక కింది మూలలో అగ్గిపుల్ల పొడవు పౌడర్ ముదురు రంగుకు తిరిగింది, చుక్క లేదు. ఎడమ వైపు స్ప్రాకెట్ చుట్టూ పొడిగానే ఉంది. గేర్ షాఫ్ట్ కింద సన్నని గీత ఒకటి వచ్చింది. సైడ్ స్టాండ్ మీద రాత్రి మరక ఇంకా పడుతోంది, ముందు కంటే చాలా చిన్నది. వెనక మరక అసలు లేదు.

పల్సు_పానా

చాలా శుభ్రంగా చేశారు. మూడు లీకులు మూడు రకాలని తేలిపోయింది. వెనకది బ్రీదర్, ఎడమది సీల్, కుడిది ప్యాకింగ్.

బ్రీదర్ సంగతి ముందు. సింగిల్ సిలిండర్ ఇంజన్లో పిస్టన్ కిందికి దిగిన ప్రతిసారీ కింద ఉన్న గాలిని 150 సీసీ మేర తోస్తుంది, పైకి వెళ్లినప్పుడు లాక్కుంటుంది. ఆ గాలి పోయే దారి ఆ ఒక్క పైపే. అది నొక్కుకుపోతే ఒత్తిడి ఎక్కడ పట్టు తక్కువుంటే అక్కడ బయటికి తోస్తుంది. మీ విషయంలో పైపు పూర్తిగా మూసుకుపోలేదు, సందు మిగిలింది. ఆ ఇరుకు సందు లోంచి గాలి జోరుగా వెళ్తూ, మట్టం ఎక్కువై క్రాంక్ చిలుకుతున్న ఆయిల్‌ను కూడా తోడుకుని డబ్బాలో పోసింది. ఒకేసారి రెండు మూడు చోట్ల లీకు మొదలైందంటే సీళ్లను అనుమానించే ముందు గేజ్, బ్రీదర్ చూడాలని అనేది అందుకే.

బాబాయ్ గారి అనుమానం కూడా ఇప్పుడు తీర్చుకోవచ్చు. ఇంజన్ బాగా వేడెక్కాక డబ్బా వైపు నుంచి బ్రీదర్ పైపు ఊడదీసి, ఐడ్లింగ్‌లో చివర అరచేయి దగ్గర పెట్టండి. బయటికి, లోపలికి తడుతున్నట్టు కొట్టుకుంటుంటే అది మామూలే. కొన్ని ఇంజన్లలో బ్రీదర్ దారిలో వాల్వు ఉంటుంది, అప్పుడు బయటికి మాత్రమే మెల్లగా కొడుతుంది. రేజ్ చేసినప్పుడు ఆగకుండా ఊదుతూ, నీలం పొగతో, అరచేతికి ఆయిల్ తుంపర తగులుతుంటే రింగుల వైపు చూడాలి. అప్పుడు కూడా కంప్రెషన్ కొలిచాకే బోరు మాట.

బోరింగ్_బాబాయ్

పైపు మడత పడిందన్నారు కాబట్టి ఒప్పుకుంటాను. కానీ 46 వేల బండిలో పొగ చూడకుండా వదలొద్దనే నా మాట. పొద్దున్నే మొదటి స్టార్టులో సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తోందా?

వరంగల్150

పొగ లేదు బాబాయ్ గారూ. అరచేయి పరీక్ష కూడా చేశాను, తడుతున్నట్టే ఉంది, చేతికి ఆయిల్ అంటలేదు.

సీలు_స్పేరు

అయితే గేర్ షాఫ్ట్ సీల్ ఒక్కటి మార్చుకోండి, ఇంజన్ దించే పనే లేదు. చాలా బళ్లలో ఆ సీల్ బయటి నుంచే వస్తుంది. మీ బండిలో అలా ఉందో లేదో కవర్ తీశాక చూడండి. సీల్ ముఖం పూర్తిగా కనిపిస్తూ, దానికి అడ్డంగా కేసు అంచు లేకపోతే బయటి నుంచి వచ్చేదే. సీల్ ముఖం మీద మూడు అంకెలుంటాయి, లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం. ఆ మూడూ కాగితం మీద రాసుకెళ్లండి. పాతది పట్టుకెళ్తే ఇంకా మంచిది. పాత సీల్ పెదవిని వేలితో నొక్కి చూడండి, రబ్బరులా వంగకుండా ప్లాస్టిక్‌లా గట్టిగా ఉంటే వేడికి గట్టిపడి పోయినట్టే. ప్రెషర్ వల్ల పోయిందా, వయసు వల్ల పోయిందా అన్నది దాన్ని బట్టి కొంత తెలుస్తుంది.

మార్చేటప్పుడు జాగ్రత్తలు. బండిని కుడి వైపుకు గోడకు ఆనించి బాగా ఒరగబెడితే ఆయిల్ వంచక్కర్లేదు. గేర్ రాడ్ తీసే ముందు షాఫ్ట్ మీద, రాడ్ మీద ఎదురెదురుగా చుక్క గుర్తు పెట్టుకోండి, లేదంటే పెడల్ ఎత్తు మారుతుంది. సీల్ ముఖంలో చిన్న మర మేకు కొంచెమే దింపి, దాన్ని కటింగ్ ప్లేయర్‌తో పట్టి లాగితే వస్తుంది. మేకు షాఫ్ట్‌కు గానీ కేసు గోడకు గానీ తగలకూడదు, గీత పడితే కొత్త సీల్ కూడా కారుతుంది. స్క్రూడ్రైవర్‌తో కెలికి తీసేవాళ్ల దగ్గర ఈ గీతలే ఎక్కువ.

కొత్త సీల్ ఎక్కించే ముందు షాఫ్ట్ చివరి పళ్ల మీద పలచని పాలిథిన్ చుట్టి గ్రీజు రాయండి. ఆ పళ్లు కత్తుల్లా ఉంటాయి. ఉత్తగా తోస్తే పెదవి అక్కడే తెగుతుంది, బిగించిన రోజే కారుతుంది, జనం కొత్త సీల్ డూప్లికేట్ అంటారు. స్ప్రింగు కనపడే వైపు లోపలికి, ఆయిల్ వైపుకు ఉండాలి. సీల్ అంచుకు సరిపోయే బాక్సు సాకెట్ ఆనించి అన్ని వైపులా సమంగా మెల్లగా తట్టండి, పాతది ఎంత లోతులో ఉందో అంతే. షాఫ్ట్ మీద పాత పెదవి అరగదీసిన గాడి చేతి గోరుకు తగులుతుంటే, కొత్తది ఒక మిల్లీమీటరు బయటికి ఉంచితే కొత్త చోట పడుతుంది. కేసులో అందుకు చోటుంటేనే.

కడప_కిక్కర్

నాకొక అనుమానం. బ్రీదర్ సరిచేశాక మరక తగ్గిందన్నారు. ఇంకొన్నాళ్లు చూస్తే పూర్తిగా ఆగిపోవచ్చు కదా? సీల్ ఎందుకు ముట్టుకోవడం? ఆయిల్‌ను 20డబ్ల్యూ50కి మారిస్తే చిక్కగా ఉండి అదే ఆగుతుందేమో.

పల్సు_పానా

వేచి చూడడంలో తప్పు లేదు, ఈ సీల్ పని కొన్నాళ్లు వాయిదా వేయగలిగినదే. ఒత్తిడికి పెదవి మడత పడి ఉంటే సర్దుకోవచ్చు. గట్టిపడి ఉంటే సర్దుకోదు. చిక్కటి ఆయిల్ మాట మాత్రం ఒప్పుకోను. కంపెనీ చెప్పిన గ్రేడు వదిలేసి లీకు కోసం చిక్కటిది పోస్తే చలిలో పైకి ఎక్కడం ఆలస్యమవుతుంది, సీల్ మాత్రం బాగుపడదు. లీకు ఆపుతామనే సీసా మందులు రబ్బరును ఉబ్బించి కొన్నాళ్లు ఆపుతాయి. అవి తడి క్లచ్ ఉన్న ఇంజన్లో పోసేవి కావు, క్లచ్ జారడం మొదలవొచ్చు.

సీలు_స్పేరు

నేనైతే మార్చేయమంటాను. కవర్ ఎలాగూ విప్పుతున్నారు, పార్టు చిన్నది. ఆగడం వల్ల మిగిలేదేమీ లేదు.

పల్సు_పానా

అది మీ మాట, నేను కాదనను. నా లెక్క వేరు: కారే వేగం కొలిచి నిర్ణయించడం. వచ్చేసారి ఆయిల్ మార్చినప్పుడు ఒక పని చేయండి. కింది గీత దాకా పోసి ఆపండి, అక్కడి నుంచి పై గీతకు చేరడానికి ఎన్ని మి.లీ. పట్టిందో కొలిచి రాసుకోండి. అది తెలిస్తే గేజ్ మీద తగ్గుదల చూసి ఎంత పోయిందో చెప్పగలరు. 500 కిలోమీటర్లకు ఒకసారి, అదే స్థలంలో, అదే పద్ధతిలో చూడండి. గేజ్ కదలకపోతే, అంచు తడిగా ఉన్నా సరే, ఆ లీకు పని తర్వాత చూసుకోవచ్చు. ఆయిల్ మార్పుల మధ్య ఒకసారి పోయాల్సి వస్తోందంటే దాని వంతు వచ్చినట్టే.

మీ క్లచ్ కవర్ చెమ్మ అచ్చంగా ఇలాంటిదే. దాని కోసం ఇప్పుడే కవర్ విప్పితే కొత్త ప్యాకింగ్, పాతది గీకడం, ఆ గీకడంలో కేసు మీద గీతలు పడే ప్రమాదం. క్లచ్ ప్లేట్లకో, ఆయిల్ జాలీ శుభ్రం చేయడానికో ఎలాగూ కవర్ తీస్తారు, అప్పుడు మార్చండి. ఈలోగా ఒకటి చేయొచ్చు: చల్లటి ఇంజన్ మీద కవర్ బోల్టులు వదులుగా ఉన్నాయేమో ఎదురెదురుగా చూడండి. ఎం6 బోల్టులకు సాధారణంగా 10 న్యూటన్ మీటర్లే ఉంటుంది, మణికట్టు బలం చాలు. చెమ్మ ఆగలేదని ఇంకొంచెం, ఇంకొంచెం తిప్పితే త్రెడ్ బయటికొస్తుంది.

వాయిదా వేయకూడని లీకులు వేరే ఉన్నాయి. వెనక టైరు మీదికి గానీ వెనక బ్రేకు మీదికి గానీ చేరే ఏ ఆయిలైనా వాయిదా వేసేది కాదు, అది ఎంత చిన్నదైనా సరే. సైలెన్సర్ బెండు మీద పడి పొగ లేచేదీ అంతే. డ్రెయిన్ బోల్టు చుట్టూ తడి, బిగిస్తుంటే తిరిగిపోతూ ఉంటే అదీ అంతే, దారిలో ఊడితే నిమిషంలో ఇంజన్ ఖాళీ. హెడ్ జాయింటులో యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు చుఫ్ చుఫ్ అని శబ్దం, అక్కడ ఆయిల్ కంటే పొడి మసి ఎక్కువ ఉంటే అది మంట దారి, లోహం తినేస్తుంది. స్ప్రాకెట్ సీల్ లీకు ఉండి, స్ప్రాకెట్ పట్టుకుని పైకీ కిందికీ ఊపితే ఆట తెలుస్తుంటే సీల్ మార్చి లాభం లేదు. బేరింగు అరిగింది, కొత్త సీల్ కూడా నిలవదు. చైన్ మరీ బిగుతుగా పెట్టే బళ్లలో ఇదే చూస్తాం.

కడప_కిక్కర్

క్లచ్ కవర్ ప్యాకింగ్ వేసేటప్పుడు ఉత్తదే వేయాలా, గ్రీజు రాయాలా? ఒక్కో మెకానిక్ ఒక్కోటి చెబుతున్నాడు.

పల్సు_పానా

నేను ఉత్తదే వేస్తాను, రెండు ముఖాలూ పూర్తిగా శుభ్రం చేసి, డోవెల్ పిన్నులు రెండూ ఉన్నాయో లేదో చూసి. పిన్ను ఒకటి పాత కవర్లో ఉండిపోయి, మర్చిపోయి బిగిస్తే కవర్ అర మిల్లీమీటరు జరుగుతుంది, ఎంత మంచి ప్యాకింగైనా కారుతుంది.

సీలు_స్పేరు

నా దగ్గర కొనే పాత మెకానిక్‌లు కవర్ వైపు పలచగా గ్రీజు రాస్తారు. మళ్లీ విప్పినప్పుడు ప్యాకింగ్ చిరగకుండా వస్తుందంటారు. దానివల్ల కారిన బండి నేను చూడలేదు. కొన్ని కాగితాల ప్యాకింగ్‌లు గ్రీజుకు మెత్తబడి బోల్టు దగ్గర బయటికి జారతాయని అనేవాళ్లూ ఉన్నారు. ప్యాకింగ్ రకాన్ని బట్టి ఉంటుందేమో.

వరంగల్150

అందరికీ ధన్యవాదాలు. స్ప్రాకెట్ కవర్ తీసి చూశాను, గేర్ షాఫ్ట్ సీల్ ముఖం పూర్తిగా కనిపిస్తోంది, పెదవి గోరుతో నొక్కితే వంగడం లేదు. సీల్ తెచ్చుకుంటున్నాను. క్లచ్ కవర్‌ను అలాగే వదిలేసి 500 కి.మీ. గేజ్ చూస్తాను. ఒక్క ప్రశ్న మిగిలింది: షాఫ్ట్ మీద సీల్ ఆనే చోట సన్నని గీత కనిపిస్తోంది కానీ గోరుకు తగలడం లేదు. దాన్ని సన్న ఎమరీ కాగితంతో రుద్దాలా?

సీలు_స్పేరు

గోరుకు తగలకపోతే ముట్టుకోవద్దు. గుడ్డతో తుడిచి అలాగే ఎక్కించండి. తప్పనిసరై రుద్దితే షాఫ్ట్ చుట్టూ తిప్పుతూ రుద్దాలి, పొడవునా రుద్దితే ఆ గీతల వెంట ఆయిల్ బయటికి దారి చూసుకుంటుంది. ఎమరీ పొడి లోపలికి పోకుండా చూసుకోండి.